ముందు మ్యూట్ చేయండి

మా ధర్మపురిలో 2022 జులై వరద ముచ్చట తీస్తే చాలు, మాటతో పాటు చెయ్యి కూడా లేస్తుంది. "గోదారి గింతెత్తు అచ్చింది" అన్నప్పుడు ఎంత ఎత్తో మాట చెప్పదు, చెయ్యే చెప్తుంది. మరి ఆ చెయ్యి ఎప్పుడు చెప్తుంది? "గిం" అని నొక్కి పలకడానికి ముందా, తర్వాతా?

డేవిడ్ మెక్‌నీల్ 1992లో తన పుస్తకంలో ఒక నియమం చెప్పాడు. సైగలోని అసలు కదలిక, నొక్కి పలికే అక్షరానికి ముందైనా రావాలి, దాంతోపాటైనా రావాలి, దాని తర్వాత మాత్రం రాదు. మన తెలుగు ముచ్చట్లలో ఇది నిజమో కాదో తేలాలంటే వీడియో మీద గుర్తులు పెట్టాలి. అక్కడే నాకొక గట్టి అభిప్రాయం ఉంది: చేతికి గుర్తులు పెట్టేటప్పుడు సౌండ్ ఆపేయాలి.

ఎందుకో చెప్తా. ఎలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వీడియో కింద వరుసలుంటాయి. ఒక వరుసలో చేతి దశలు రాస్తాం: లేవడం, అసలు కదలిక (దీన్నే స్ట్రోక్ అంటారు), అలా నిలవడం, ఒళ్లోకి దిగడం. స్ట్రోక్‌లో చెయ్యి చివరి ఎత్తుకి చేరే క్షణం అపెక్స్. ఇంకో వరుసలో అక్షరాలు రాస్తాం. గొంతు ఎక్కడ పైకెక్కిందో ప్రాట్‌లో పిచ్ గీత చూసి గుర్తిస్తాం.

ఒక లెక్క ఊహించుకుందాం. వీడియో సెకనుకు 25 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. చెయ్యి 2.56 సెకన్ల దగ్గర పైకి చేరింది. "గిం" మీద పిచ్ శిఖరం 2.64 దగ్గర ఉంది. చెయ్యి రెండు ఫ్రేములు ముందుంది. కానీ చెయ్యి పైన నిలబడి ఉన్నప్పుడు అపెక్స్ ఏ ఫ్రేమో కంటికి అంత స్పష్టంగా కనబడదు. "గిం" చెవిన పడితే మన వేలు 2.64 దగ్గరే గుర్తు పెట్టేస్తుంది. అప్పుడు "చెయ్యి, గొంతు కలిసే వచ్చాయి" అన్న ఫలితం మాట్లాడినాయనది కాదు, మన చెవిది.

మ్యూట్ ఒక్కటే సరిపోదు. ఫోన్ వీడియోలో శబ్దం బొమ్మకంటే 80 మిల్లీసెకన్లు వెనకబడి ఉంటే పై తేడా మొత్తం ఉత్తదే. అందుకే రికార్డింగ్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చప్పట్లు కొట్టాలి. అరచేతులు కలిసిన ఫ్రేము, శబ్దం ఎగసిన చోటు రెండుసార్లూ ఒకటైతేనే ఆ ఫైలు పనికొస్తుంది. అప్పటికీ ఒక ఫ్రేము తేడాని "ముందు" అని రాయకూడదు. అది కొలతలో తప్పే కావచ్చు.

పని రెట్టింపు అవుతుంది కదా అంటారు. అవుతుంది. వీలైతే చేతిని ఒకరు, గొంతుని ఇంకొకరు గుర్తించండి. గొంతు చూసేవాళ్లకి వీడియో కూడా చూపించొద్దు. ఈ రెండు వరుసలూ చివర్లో పక్కపక్కన పెట్టినప్పుడే మెక్‌నీల్ నియమం మనూరి ముచ్చట్లో నిలిచిందా, ఓడిందా అన్నది తేలుతుంది. లేకపోతే అది ఎప్పుడూ గెలుస్తూనే ఉంటుంది, మనమే గెలిపిస్తాం కాబట్టి.