లాగిన్ మూతపడ్డాక మిగిలిన ఆస్తి

మా మానుకోటలో పద్దులు రాసేవాళ్లలో ఒక సూత్రం పాతుకుపోయింది. ఏడాది దాటి పనికొచ్చేదేదైనా ఆస్తే, సాఫ్ట్‌వేర్ అయితే నలభై శాతం తరుగుదల. సీడీలో కొనుక్కుని మన కంప్యూటర్‌లో ఎక్కించుకున్న రోజుల్లో ఇది సరిపోయేది. క్లౌడ్ చందాకూ అదే అంటించడం శుద్ధ తప్పు.

ఇక్కడి ఒక జిన్నింగ్ మిల్లు సంగతే చూడండి. భాగస్వామ్య సంస్థ, పుస్తకాల్లోనూ ఆదాయపు పన్ను రేట్లే వాడతారు. 2022 జనవరి 1న క్లౌడ్ బిల్లింగ్‌కు మూడేళ్ల చందా 1,08,000 రూపాయలు ఒకేసారి కట్టారు. జీఎస్టీ వేరు, దాని క్రెడిట్ వచ్చేసింది. "మూడేళ్లది కట్టినం సార్, ఆస్తి కాకపోతే మరేంది?" అన్నారు సేటు.

కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు పెట్టి సీజను మొత్తానికి ముందే అద్దె కడతాం. ఆ గది మనదని రాసుకుంటామా? ఏఎస్ 26 అడిగేది కూడా అదే: వనరు మీద అదుపు ఎవరిది? క్లౌడ్‌లో ప్రోగ్రాం కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. మార్చేదీ ఆపేదీ వాళ్లే. మనకున్నది గడువు దాకా వాడుకునే హక్కు. అంతర్జాతీయ ప్రమాణాల వ్యాఖ్యాన కమిటీ కూడా 2019 మార్చిలో ఇలాంటి చందాను సేవా ఒప్పందంగానే చూసింది.

అంటే ఇది ముందస్తు చెల్లింపు. నెలకు 3,000. 2022 మార్చి 31 నాటికి 9,000 ఖర్చు, మిగతా 99,000 ముందస్తు ఖాతాలో. గుమాస్తా మాత్రం ఆస్తి రాశాడు. వాడకం 180 రోజులు నిండలేదు కనుక సగం రేటు, 21,600 తరుగుదల. మూడు నెలల వాడకానికి ఏడు నెలల పైచిలుకు సొమ్ము పోయింది. తర్వాతి ఏడాదుల్లో 34,560, 20,736, 12,442. చందా 2024 డిసెంబర్ 31న ముగిసింది, మళ్లీ కట్టలేదు. 2025 మార్చి 31 బ్యాలెన్స్ షీటులో మాత్రం 18,662 రూపాయల 'సాఫ్ట్‌వేర్' నిలబడే ఉంది. పాస్‌వర్డ్ కొట్టి చూడమన్నాను. తెరుచుకోలేదు.

ప్రతిదీ ముందస్తులో పెట్టమనీ అనను. ఏటా ఐదారు వేల ఈమెయిల్ చందాను నెలలవారీ చీల్చడం కాగితం దండగ. కట్టిన ఏడాదే ఖర్చు రాయండి, ఏటా అలాగే రాయండి. ట్యాలీ శాశ్వత లైసెన్సు సంగతి వేరు. దాని టీఎస్ఎస్ రెన్యువల్ ఆపినా ప్రోగ్రాం నడుస్తుంది. లైసెన్సు ఆస్తి, రెన్యువల్ ఖర్చు.

చిక్కంతా సెటప్ బిల్లుతో. అదే మిల్లుకు పత్తి రకాలు, రేట్లు, రైతుల ఖాతాలు ఆ క్లౌడ్‌లో అమర్చినందుకు బయటి కుర్రాడు డబ్బు తీసుకున్నాడు. అది పని జరిగినప్పటి ఖర్చే, ఎందుకంటే అమర్చింది పరాయి ఇంట్లో. వే బ్రిడ్జి కాటా తూకాన్ని మిల్లు కంప్యూటర్‌లోకి లాగే చిన్న ప్రోగ్రాం కూడా రాశాడు. కోడు మిల్లుకే అప్పజెప్పాడు. కొత్త బిల్లింగ్ వచ్చినా అది తూకం పట్టిస్తూనే ఉంది. ఆస్తి అనదగ్గది అదొక్కటే, దాన్నేమో గుమాస్తా రిపేర్ల ఖాతాలో పడేశాడు.