పిల్లి ఒకటి, చూసేవాళ్ళు ఇద్దరు

ఊరుగాని ఊళ్ళో ఫ్లాటు తీసుకుని చదువుకునే ఆడపిల్లలు పిల్లికూననో, కుక్కపిల్లనో చేరదీస్తూ ఉంటారు. సరదాగానే ఉంటుంది. తీరా పరీక్షలొచ్చేసరికి "నువ్వు చూస్తావనుకున్నా" అంటే "నువ్వు చూస్తావనుకున్నా" అని మాటామాటా పెరుగుతుంది. అలా కాకుండా హైదరాబాదులో చదివే ఓ అమ్మాయి తన రూమ్మేటుకు రాసుకున్న ఉత్తరం ఇది. మీ పిల్లలకూ పనికొస్తుంది, చదవండి.

"ఏమే,

నిన్న బుజ్జిగాడి గిన్నెలో మూడుసార్లు తిండి పడింది. నువ్వు పెట్టావని నాకు తెలీదు, నేను పెట్టానని నీకు తెలీదు. నవ్వొచ్చింది కానీ, తర్వాత భయమేసింది. వాడు రోజంతా తినకపోయినా మనకిలాగే తెలీదు కదా!

అందుకని పనులు కాదు, వారాలు పంచుకుందాం. ఆదివారం నుంచి శనివారం దాకా తిండి, నీళ్ళు, ఇసుక ట్రే అన్నీ ఒకరివే. పొద్దున 8కి, రాత్రి 8కి పెట్టగానే కేలెండర్లో టిక్కు పెట్టాలి. టిక్కుంటే వాడెంత అరిచినా రెండోవాళ్ళు పెట్టకూడదు. వదిలేస్తే 'సగం తిన్నాడు' అని రాయాలి. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టరుకి చూపించాల్సిందే.

ట్రే రోజుకి రెండుసార్లు శుభ్రం చేయాలి. మూత్రం పోసిన చోట ఇసుక ఉండ కడుతుంది కదా, ఎన్ని ఉండలు తీశామో అదీ రాద్దాం. మగపిల్లికి మూత్రనాళం సన్నం, ఒక్కోసారి అడ్డుపడుతుంది. మాటిమాటికీ ట్రేలోకెళ్ళి ముక్కుతున్నాడు, ఇసుక మాత్రం పొడిగానే ఉందంటే మలబద్ధకమేమోలే అని ఊరుకోవద్దు. ఎవరి వారమైనా, తెల్లారితే పరీక్ష ఉన్నా అప్పటికప్పుడే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఒకటి రెండు రోజులు జాగు చేస్తే ప్రాణమే పోతుంది.

తిండి, ఇసుక, టీకాల ఖర్చు చెరిసగం. ఇది కాక నెలకి చెరో 300 డబ్బాలో వేద్దాం. వాడికి జబ్బు చేస్తే తప్ప అది ముట్టుకోకూడదు.

సంక్రాంతికి నువ్వు ఊరెళ్ళు, నేనుంటాను. దసరాకి నేను వెళతాను, నువ్వుండు.

ఇక అసలు సంగతి. మే నెలలో నీ చదువైపోతుంది. వాణ్ణి తెచ్చింది నువ్వే. కానీ మీ నాన్నగారికి ఆయాసం, ఇంట్లో పిల్లి పడదంటావు. నేనింకో ఏడాది ఇక్కడే ఉంటాను. కనక వాడు నాతోనే ఉంటాడు, అప్పట్నుంచి ఖర్చంతా నాదే. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు, వెళ్ళేరోజు ఏడుపులొద్దు.

మార్చాలనుకున్నవి పెన్సిలుతో దిద్దు. తర్వాత ఇద్దరం సంతకాలు పెడదాం."

చూశారా, ఎక్కడా నిష్ఠూరం లేదు! కేలెండర్లో టిక్కులు ఎవరెక్కువ చాకిరీ చేశారో తేల్చడానికి కాదు. నోరులేని జీవి ఒంట్లో ఎలా ఉందో ఇద్దరికీ తెలియడానికి. "పిల్లిని తెచ్చుకున్నామమ్మా" అని మీ అమ్మాయి ఫోను చేస్తే "ఈ వారం ఎవరిదే?" అని ఓ మాట అడగండి. తడుముకుందంటే, ఈ ఉత్తరం చదివి వినిపించండి.