గల్ఫ్‌లో పుట్టిన బిడ్డల జనన నమోదుపై నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంత కుటుంబాల వినతిపత్రం

గౌరవనీయులైన నంద్యాల జిల్లా కలెక్టర్ గారికి, జనన మరణాల నమోదు అధికారులకు, పాస్‌పోర్టు అధికారులకు నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల గల్ఫ్ ప్రవాస కుటుంబాలు సవినయంగా సమర్పించుకునే విన్నపం.

ఈ ప్రాంతం నుంచి కువైట్‌కు, సౌదీకి, దుబాయికి డ్రైవర్లుగా, ఇంటి పనివారుగా వెళ్లే వారి పరిస్థితులు అధికారులకు తెలియనివి కావు. వాటిని ఇదివరకటి అర్జీలలో వివరంగా రాసి ఇచ్చినందున ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఆ అర్జీలకు రసీదులు అందాయే గాని సమాధానాలు అందలేదు కనుక, అవే కుటుంబాలు జనన నమోదు విషయాన్ని మరోసారి విన్నవించవలసి వస్తోంది.

గల్ఫ్ దేశాలలో పుట్టినంత మాత్రాన బిడ్డకు ఆ దేశ పౌరసత్వం రాదు. తల్లిదండ్రులు భారతీయులైనందువల్ల బిడ్డకు వచ్చే పౌరసత్వాన్ని 1955 నాటి పౌరసత్వ చట్టం వంశానుగత పౌరసత్వం అంటుంది. అయితే 2004 డిసెంబర్ 3 నుంచి అమలులో ఉన్న సవరణ ప్రకారం, బిడ్డ పుట్టిన ఏడాదిలోగా ఆ దేశంలోని భారత కాన్సులేట్‌లో జననాన్ని నమోదు చేయిస్తేనే ఆ పౌరసత్వం నిలుస్తుంది. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉండాలి. దరఖాస్తుకు అక్కడి ఆరోగ్య శాఖ ఇచ్చిన జనన ధ్రువపత్రం, అది అరబిక్‌లో ఉంటే దాని అనువాదం, తల్లిదండ్రులిద్దరి పాస్‌పోర్టులు, నివాస అనుమతి పత్రమైన అకామా, వివాహ ధ్రువపత్రం జతచేయాలి; బిడ్డకు మరే దేశపు పాస్‌పోర్టూ లేదని తల్లిదండ్రులు రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి.

చాలా కుటుంబాలు చిక్కుకుంటున్నది వివాహ ధ్రువపత్రం దగ్గరే. గుడిలోనో, మసీదులోనో, చర్చిలోనో పెద్దల సమక్షంలో జరిగిన పెళ్లిని ఎక్కడా నమోదు చేయించకుండానే భార్యాభర్తలు వేర్వేరు వీసాలపై వెళ్తారు. భార్య పాస్‌పోర్టులో తండ్రి పేరే ఉండిపోతుంది, భర్త పేరు ఎక్కదు. అక్కడ కాన్పు అయ్యాక పెళ్లికి రుజువు అడిగితే, ఆళ్లగడ్డలో ఉన్న ముసలి తల్లిదండ్రులు పెళ్లిపత్రిక, ఫొటోలు పట్టుకుని రిజిస్ట్రార్ దగ్గరకు వెళ్లవలసి వస్తుంది. వధూవరులు స్వయంగా రానిదే నమోదు కుదరదన్న జవాబుతో వారు తిరిగి రావడం తప్ప జరుగుతున్నది లేదు. దీనికి తోడు అరబిక్‌లో ప ధ్వనికి, ఇంగ్లీషు V ధ్వనికి అక్షరాలు లేనందున పుల్లయ్య కొడుకు అక్కడి పత్రంలో బుల్లయ్య కొడుకవుతాడు, వెంకటేశు ఫెంకటేశు అవుతాడు. ఆ ఒక్క అక్షరం పాస్‌పోర్టుతో సరిపోలకపోతే దరఖాస్తు వెనక్కి వస్తుంది. పత్రాన్ని సరిచేయించుకోవాలంటే పనికి సెలవు కావాలి, సెలవు ఇవ్వవలసిన కఫీల్ దగ్గరే, అంటే స్పాన్సర్ అయిన యజమాని దగ్గరే, పాస్‌పోర్టు కూడా ఉంటుంది. ఏడాది గడువు ఇలాగే గడిచిపోతోంది తప్ప కన్నవారి నిర్లక్ష్యం వల్ల కాదని అధికారులు గ్రహించాలి.

ఇక అన్నిటికంటే ఎక్కువ కాలంగా పరిష్కారం లేక మిగిలిన బాధ, నమోదు కాని బిడ్డతో కుటుంబం స్వస్థలానికి తిరిగి వచ్చిన తర్వాత మొదలవుతుంది. అవుట్‌పాస్‌పై, అంటే ఒక్క ప్రయాణానికే చెల్లే అత్యవసర పత్రంపై బిడ్డను తీసుకువచ్చిన తల్లి స్థానిక నమోదు కార్యాలయానికి వెళ్తే, “ఇక్కడ పుట్టలేదు కదమ్మా, మేమేం చేయలేం, పుట్టిన చోటే అడుగు” అంటున్నారు. ఈ మాట చట్టానికి విరుద్ధం. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోని 20వ సెక్షన్ రెండవ ఉపసెక్షన్, విదేశంలో పుట్టి అక్కడ నమోదు కాని బిడ్డతో తల్లిదండ్రులు ఇక్కడ స్థిరపడే ఉద్దేశంతో తిరిగి వస్తే, బిడ్డ దేశంలో అడుగుపెట్టిన 60 రోజులలోగా, ఇక్కడే పుట్టినట్లుగా భావించి జననాన్ని నమోదు చేయించుకోవచ్చని చెబుతోంది. ఆ 60 రోజులు దాటితే, ఆలస్యపు నమోదుకు సంబంధించిన 13వ సెక్షన్ వర్తిస్తుందని అదే ఉపసెక్షన్ చెబుతోంది.

ఒక లెక్క చూపితే విషయం తేటపడుతుంది. 2024 జనవరి 10న కువైట్‌లో పుట్టిన బిడ్డకు కాన్సులేట్ గడువు 2025 జనవరితో ముగిసిందనుకుందాం. ఆ బిడ్డ 2025 మార్చి 1న ఆళ్లగడ్డ చేరితే ఏప్రిల్ 30 వరకు నేరుగా స్థానిక నమోదుకు హక్కు ఉంది. ఆ అరవై రోజులూ ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి తిప్పి, మే నెలలో “ఆలస్యమైంది” అని చెప్పడం ఏ న్యాయమో అధికారులే చెప్పాలి. ఏడాది దాటిన ఆలస్యాలకు పూర్వం మొదటి తరగతి మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావలసి ఉండగా, 2023 అక్టోబర్ 1 నుంచి అమలైన సవరణతో ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేట్‌కు, సబ్‌డివిజనల్ మేజిస్ట్రేట్‌కు, జిల్లా మేజిస్ట్రేట్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు వచ్చింది. అంటే పరిష్కారం ఢిల్లీలో కాదు, ఈ జిల్లాలోనే ఉంది. ఇదే విషయాన్ని ఈ కుటుంబాలు ఇదివరకటి అర్జీలలోనూ సెక్షన్ల సంఖ్యలతో సహా రాశాయి. ఇప్పటికీ ఒక్క ఉత్తర్వు వెలువడలేదు. 2023 అక్టోబర్ 1న లేదా ఆ తర్వాత పుట్టిన వారికి పాస్‌పోర్టు కోసం పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం తప్ప మరేదీ చెల్లదని 2025లో నిబంధన వచ్చినందున, ఈ ఆలస్యం బిడ్డల బతుకులకే అడ్డుపడుతోంది.

స్థానిక జనన నమోదు పౌరసత్వాన్ని ఇవ్వదని కూడా ఈ కుటుంబాలకు తెలుసు. అందుకు కేంద్ర అనుమతితో ఆలస్యపు కాన్సులేట్ నమోదుకైనా ప్రయత్నించాలి, లేదా భారతీయుల మైనరు బిడ్డలకు ఉద్దేశించిన పౌరసత్వ చట్టం 5(1)(డి) సెక్షన్ కింద కలెక్టర్ గారి ద్వారా దరఖాస్తు చేయాలి. ఏ కుటుంబానికి ఏది వర్తిస్తుందో చెప్పే అధికారి జిల్లాలో ఎవరో ప్రకటించాలని కోరిక.

కాన్సులేట్‌లో సకాలంలో నమోదై, ధ్రువపత్రంతో వచ్చిన పిల్లల్ని కూడా బడిలోనూ ఆధార్ కేంద్రంలోనూ స్థానిక పత్రం తెమ్మంటున్నారు. ఆ నమోదు 1969 చట్టం కింద జరిగినట్లే లెక్క అని 20వ సెక్షన్ మొదటి ఉపసెక్షన్ చెబుతున్నా వినేవారు లేరు. విదేశీ ధ్రువపత్రాలను ధ్రువీకరించే ఏర్పాటు గురించి కూడా సరైన సమాచారం దొరకడం లేదు.

కాబట్టి 20వ సెక్షన్‌పై జిల్లాలోని పురపాలక, పంచాయతీ నమోదు అధికారులందరికీ కలెక్టర్ గారు లిఖితపూర్వక ఉత్తర్వు పంపి, దాని ప్రతిని కార్యాలయాల గోడలపై తెలుగులో అంటించేలా చూడాలని, 60 రోజులలోగా వచ్చిన దరఖాస్తును తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని, వీసాపై వెళ్లేముందే పెళ్లి నమోదు చేయించుకుని పాస్‌పోర్టులో భార్యాభర్తల పేర్లు ఎక్కించుకోవడానికి నంద్యాల, ఆళ్లగడ్డలలో శిబిరాలు పెట్టాలని ఈ కుటుంబాలు కోరుతున్నాయి. ఈ వినతిపత్రానికి రసీదుతో సరిపెట్టక, ఏ అంశంపై ఏ అధికారి ఏ తేదీలోగా చర్య తీసుకుంటారో లిఖితపూర్వకంగా తెలియజేయాలని ప్రార్థిస్తున్నాయి.

ఇట్లు,
నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంత గల్ఫ్ ప్రవాస కుటుంబాలు