బార్లీ, శొంఠి, వాము: ఎంతవరకు?

గర్భిణికి వంటింటి వైద్యం అసలు చేయొద్దు అనేవాళ్లతో నేను ఏకీభవించను. మూడో నెలలో పొద్దున లేవగానే కడుపులో తిప్పుతుంటే ఎవరూ ముందు ఆటో పిలవరు. మరమరాల డబ్బా కోసం చూస్తారు, అందులో తప్పు లేదు. మన ఇళ్లల్లో చిట్కాలకు కొదవ లేదు. ఏ చిట్కా ఎన్నో నెల వరకు పనికొస్తుంది, దాన్ని నమ్ముకుని ఎన్ని గంటలు ఆగొచ్చు, ఎక్కడ ఆపేయాలి అన్నది మాత్రం చిట్కాతో పాటు ఎవరూ చెప్పరు. నా బాధంతా అక్కడే.

ఈమధ్య కాశిబుగ్గలో మా పొదుపు సంఘం మీటింగులో ఈ మాటే నడిచింది. కిస్తీలు కట్టి, పుస్తకంలో సంతకాలు అయ్యాక, మా వీధిలో ఉండే ఒక రిటైర్డు నర్సమ్మను కూర్చోబెట్టుకున్నాం. ఆవిడ చాలా ఏళ్లు కాన్పుల వార్డులో చేసిన మనిషి. వచ్చీ రాగానే ఉపన్యాసం మొదలుపెట్టకుండా, "కడుపుతోటి ఉన్న పిల్లకు మీ ఇండ్లల్ల ఏమేం ఇస్తరో మీరే చెప్పుండ్రి" అంది. ఇక చూడండి, ఒక్కొక్కరు ఒక్కోటి. వాంతులకు అల్లం, నిమ్మకాయ. కాళ్ల వాపుకు బార్లీ నీళ్లు. తలనొప్పికి శొంఠి అరగదీసి పట్టు. గ్యాస్‌కు వాము. ఆవిడ దేన్నీ వద్దనలేదు. ఒక్కోదానికి గీత ఎక్కడ గీయాలో చెప్పింది.

ముందు వేవిళ్లు. మామూలుగా రెండో నెలలో మొదలై, నాలుగో నెల వచ్చేసరికి చాలామందికి తగ్గిపోతాయి. లేవగానే, ఇంకా మంచం దిగకముందే, గుప్పెడు మరమరాలో రెండు బిస్కెట్లో పొడిగా నమిలి, పావుగంట ఆగి లేవమంది. కడుపు ఖాళీగా ఉంటే వికారం ఎక్కువవుతుంది కాబట్టి రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తినాలి. నీళ్లు అన్నంతో పాటు కాకుండా మధ్యమధ్య గుక్కెడు గుక్కెడు తాగాలి. చిన్న అల్లం ముక్క వేసి కాచిన నీళ్లు మంచివే. ఇదంతా ఇంట్లో చేసుకోవచ్చు. అయితే ఒక రోజంతా నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, ఒంటేలు చాలా తగ్గిపోయి ముదురు పసుపుగా వచ్చినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా అల్లం పక్కన పెట్టేసి ఆసుపత్రికి వెళ్లాలి. అప్పుడు కావలసింది సెలైను.

"మరి ఎనిమిదో నెల్ల కొత్తగ వాంతులైతే?" అని ఆవిడే అడిగింది. "అవి కూడ వేవిళ్లేనాయె సిస్టరమ్మా" అని ఒక పెద్దమ్మ ఠక్కున అంది. "కాదు పెద్దమ్మా. ఐదో నెల దాటినంక కొత్తగ మొదలైన వాంతి వేవిళ్లు కాదు. ముందు బీపీ చూపియ్యాలె" అంది ఆవిడ. అందరం ఒక్కసారి నిశ్శబ్దమైపోయాం. ఒకే వాంతికి మూడో నెలలో ఒక అర్థం, ఎనిమిదో నెలలో ఇంకో అర్థం అని మాలో ఎంతమందికి తెలుసు?

అప్పుడు మా సంఘంలోనే ఒకామె తన కోడలి సంగతి చెప్పింది. తొలిచూలు, ఎనిమిది నెలలు నిండుతున్నాయి. బుధవారం కాళ్లు వాచాయి. నిలబడి పనిచేసింది కదా అనుకుని బార్లీ నీళ్లు కాచి ఇచ్చారు, ఉప్పు మానిపించి చప్పిడి తిండి పెట్టారు. గురువారం పొద్దున లేచేసరికి మొహం ఉబ్బింది, వేలి ఉంగరం ఊడి రాలేదు. ఉమ్మనీరు ఎక్కువైందన్నారు. శుక్రవారం తలనొప్పి పట్టుకుంది. శొంఠి పట్టు వేశారు, ఆ కాసేపు హాయిగా ఉందంది, మళ్లీ వచ్చింది. రాత్రికి కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఒక వాంతి. గ్యాస్ అని వాము నమిలించారు. శనివారం పొద్దున ఆ పిల్ల "అత్తమ్మా, కండ్ల ముందల మెరుపులు మెరిసినట్టు కొడుతున్నయి" అంది. అదృష్టం కొద్దీ అప్పుడే ఆశా కార్యకర్త వచ్చింది. మారుమాట లేకుండా బండి పిలిపించింది. ఆసుపత్రిలో చూస్తే బీపీ 170/110, ఒంటేలులో ప్రొటీన్. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఇంజెక్షన్, బీపీకి మందు ఇచ్చి, మర్నాడు కాన్పు చేశారు. బిడ్డ 1.9 కిలోలు. ఇప్పుడు తల్లీబిడ్డా ఇద్దరూ బాగున్నారు.

నర్సమ్మ ఆ నాలుగు రోజులను వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టింది. బార్లీ ఎవరికీ చెడు చేయలేదు, శొంఠి చేయలేదు, వాము చేయలేదు. కానీ ఒక్కోటి ఒక్కో రోజు తినేసింది. వాపు వేరు, తలనొప్పి వేరు, గ్యాస్ వేరు అనుకుని మూడింటికి మూడు మందులు వెతికారు. నిజానికి మూడూ ఒకే జబ్బు. గర్భంలో వచ్చే బీపీ అది. డాక్టర్లు ప్రీఎక్లాంప్సియా అంటారు. బిడ్డకు రక్తం అందించే మాయ దగ్గర మొదలై, తల్లి ఒళ్లంతా రక్తనాళాలను దెబ్బతీస్తుంది. మెదడు మీద పడితే తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు. కాలేయం మీద పడితే డొక్కలో నొప్పి, వాంతి. కిడ్నీల మీద పడితే ఒంటేలులో ప్రొటీన్. ముదిరితే ఫిట్స్. బీపీని మందులతో అదుపులో పెట్టగలరు కానీ, జబ్బు తగ్గడం మొదలయ్యేది కాన్పుతోనే. అందుకే దీనికి వంటింట్లో మందు లేదు.

మరి మామూలు వాపును ఎలా గుర్తుపట్టాలి అని అడిగాం. నెలలు నిండేకొద్దీ సాయంత్రానికి పాదాలు బరువెక్కడం చాలామందికి ఉంటుంది. కాళ్లు ఎత్తు మీద పెట్టుకుని, ఎడమవైపు తిరిగి పడుకుంటే పొద్దుటికి తగ్గుతుంది. అలా తగ్గేదానికి బార్లీ తాగినా సరే, తాగకపోయినా సరే. పొద్దున లేచేసరికే మొహం, చేతులు ఉబ్బి ఉన్నా, ఉంగరం బిగిసినా, వారంలోనే కిలోకు పైగా బరువు పెరిగినా ఆ రోజే బీపీ చూపించాలి. తలనొప్పి కూడా అంతే. కాసేపు పడుకుంటే, ఒక పారాసిటమాల్‌తో పోయేది వేరు. ఐదో నెల తర్వాత దానికీ లొంగని తలనొప్పి, చూపు మసకబారడం, పక్కటెముకల కింద నొప్పి, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రాత్రయినా సరే, తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. మిగతావి కూడా వస్తాయేమో చూద్దామని అసలే ఆగకూడదు.

చేయకూడనివి రెండు చెప్పింది. వాపు ఉందని ఉప్పు పూర్తిగా మానిపించడం ఒకటి. చప్పిడి తిండి ఈ బీపీని ఆపదు, తగ్గించదు. ఆ పిల్ల సరిగా తినకుండా నీరసపడుతుంది, అంతే. రెండోది, తలనొప్పి అనో నడుం నొప్పి అనో దగ్గర్లో ఎవరితోనో నొప్పి సూది వేయించడం, మెడికల్ షాపులో అడిగి మాత్రలు తేవడం. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి ఐదో నెల దాటాక బిడ్డ కిడ్నీలకు మంచివి కావు. డాక్టర్ రాస్తే తప్ప వద్దంది.

ఈ జబ్బుతో ఇంకో చిక్కు ఉంది. మొదట్లో బీపీ పెరిగినట్టు ఒంటికి తెలియదు. అందుకే "పిల్ల మంచిగనే ఉన్నది గద, ఈ నెల ఎందుకు పోవుడు" అనే మాట పనికిరాదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా పరీక్షలు చేస్తారు. వెళ్లినప్పుడు కార్డులో బీపీ అంకె రాశారా, ఒంటేలు పరీక్ష చేశారా అని మనమే చూసుకోవాలి. 140/90 అంతకంటే ఎక్కువ ఉంటే మళ్లీ కొలిపించుకుని డాక్టర్ చెప్పినట్టు నడుచుకోవాలి. 160/110 దాటితే ఇంటికి తిరిగి రాకూడదు. తొలిచూలు, కవలలు, ముందు కాన్పులో బీపీ వచ్చినవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కాన్పయిపోయింది కదా అని వదిలేయకూడదు కూడా. బాలింతకు మొదటి వారంలో వచ్చే గట్టి తలనొప్పికి చెవుల్లో దూది పెట్టి ఊరుకోకుండా బీపీ చూపించాలి.

ఇప్పుడు నా మాట. ఈ సంగతులన్నీ గర్భిణికి చెప్పి పంపిస్తే సరిపోదు. ఆ నాలుగు రోజులూ ఆ పిల్ల ఎక్కడ బాగాలేదో చెబుతూనే ఉంది. బండి ఎప్పుడు పిలవాలో తేల్చేది ఆమె కాదు. అత్తగారు, తల్లి, పక్కింటి పెద్దమ్మ. వాళ్లంతా కూర్చునే చోటు పొదుపు సంఘం. అందుకే ఇలాంటి మాట ఆసుపత్రి వరండాలో కంటే సంఘంలో చెబితేనే ఎక్కువ పనిచేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. మన వరంగల్‌లో సీకేఎం ప్రసూతి ఆసుపత్రి ఉంది, ఎంజీఎం ఉంది. పరీక్షలకు తీసుకెళ్లే 102 బండి ఉంది, ప్రాణం మీదికొస్తే 108 ఉంది. ఆసుపత్రి దూరమై కాదు, గడప దాటడానికి ఆలస్యమవుతోంది.

సంఘం డబ్బుతో చేతికి కట్టే బీపీ మిషన్ ఒకటి కొందామని నేను అన్నాను. కొందరు నవ్వారు, కొందరు సరేనన్నారు. నర్సమ్మ మంచిదేనంది కానీ షరతు పెట్టింది. ఐదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా, పాదాలు నేలకు ఆనించి కూర్చున్నాకే కొలవాలి. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. అంకె ఎక్కువ వస్తే వెంటనే కదలాలి. ఇంట్లో వాడే మిషన్లు ఈ జబ్బులో ఒక్కోసారి ఉన్న బీపీ కంటే తక్కువ చూపిస్తాయట. కాబట్టి తలనొప్పి, మెరుపులు, డొక్కలో నొప్పి ఉండి అంకె బాగానే వచ్చినా ఆగకూడదు. ఆ మిషన్ ఆసుపత్రికి తొందరగా పంపడానికే, ఇంట్లో కూర్చోబెట్టడానికి కాదు.

మీ ఇంట్లో, మీ వీధిలో ఐదో నెల దాటిన పిల్ల ఉంటే రేపు పొద్దున ఒక పని చేయండి. మొహం ఎలా ఉంది, ఉంగరం వదులుగా ఉందా, తల నొస్తోందా అని అడగండి. అన్నీ బాగుంటే వాము నీళ్లు కాచి ఇవ్వండి. ఒక్కటి తేడాగా ఉన్నా పొయ్యి ఆపేసి, కార్డు తీసుకుని, బయలుదేరండి.