ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోతే...

ప్రశ్న: నా వయస్సు 42. నాలుగు రోజుల క్రితం నిద్ర లేచేసరికి ఎడమ చెవి మూసుకుపోయినట్లయింది. నొప్పి లేదు, చీము లేదు. ఎడతెగని హోరు మాత్రం ఉంది. ఫోను ఆ చెవికి ఆనిస్తే మాట వినపడదు. గులిమి అనుకుని మందుల షాపులో చుక్కల మందు కొని వేసుకుంటున్నాను. ఇంకో వారం చూడవచ్చా? నాకు మధుమేహం ఉంది.
– ఒక పాఠకుడు, ఆదిభట్ల

జవాబు: ఒక్క రోజు కూడా చూడవద్దు. ఇది పత్రికలో జవాబు వచ్చేవరకు ఆగదగిన జబ్బు కాదు. అందుకే కోఠీలోని ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రికి వెంటనే వెళ్లమని మీకు విడిగా తెలియజేశాం. ఈ వివరణ మిగతా పాఠకుల కోసం.

గులిమి వల్లా, జలుబు వల్లా చెవి మూసుకుపోవడం మామూలే. కాని కర్ణభేరికి లోపల, నత్తగుల్ల ఆకారంలో ఉండే భాగమో, అక్కడి నరమో దెబ్బతిన్నా అచ్చం అలాగే అనిపిస్తుంది. మోసమంతా ఇక్కడే ఉంది. చుక్కల మందు అంత లోపలికి చేరదు. చాలామందిలో దీనికి కారణం ఇదీ అని తేలదు.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. నోరు మూసుకుని 'మ్...' అని కూనిరాగం తీయండి. ఆ ధ్వని మూసుకుపోయిన చెవిలోనే గట్టిగా వినిపిస్తే గులిమో, జలుబో కావచ్చు. బాగున్న చెవివైపు వినిపిస్తే నరానికి సంబంధించిన చెముడని అనుమానించాలి. డాక్టరు ట్యూనింగ్ ఫోర్కును నుదుటిపై ఆనించి చూసేదీ ఇదే సూత్రంతో. ఫలితం ఎలా ఉన్నా డాక్టరుకు చూపించుకోవడం మానవద్దు. గులిమి లేదని చూశాక, వినికిడి ఎంత తగ్గిందో ఆడియోగ్రామ్ తీసి తేలుస్తారు.

సాధారణంగా ఇచ్చే మందు స్టెరాయిడ్ మాత్రలు. మొదటి కొద్ది రోజుల్లో మొదలుపెడితే మేలు. రెండు వారాలు దాటితే ఫలితం బాగా తగ్గుతుంది. వీటిని సొంతంగా కొని వాడకూడదు. మీవంటి మధుమేహ రోగుల్లో ఇవి రక్తంలో చక్కెరను పెంచుతాయి. అందువల్ల ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. అటువంటివారికి మందును కర్ణభేరి గుండా సన్నని సూదితో చెవిలోకి ఎక్కించే పద్ధతి కూడా ఉంది. మాత్రలతో గుణం కనిపించనివారికీ ఇలా చేస్తారు.

కొందరికి మందు లేకుండానే వినికిడి తిరిగి వస్తుంది. కొందరికి మందు వాడినా పూర్తిగా రాదు. ఎవరు ఏ కోవలోకి వస్తారో ముందుగా చెప్పలేం కనుకనే ఆగకూడదు. అరుదుగా నరంపై కణితి ఉండవచ్చు కాబట్టి తర్వాత ఎం.ఆర్.ఐ. తీయిస్తారు.

చెముడుతోపాటు మూతి వంకర పోయినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా అది పక్షవాతం కావచ్చు. అప్పుడు చెవి డాక్టరు కోసం వెతక్కుండా 108కి ఫోను చేయండి.