రాలేకపోతున్నాం అక్కయ్యా!

పోయిన ఆదివారం మా తోటికోడలు రాజమండ్రి నుంచి వచ్చి, బొట్టు పెట్టి మరీ పిలిచింది. "నెలాఖరున మా గృహప్రవేశం. ముందురోజే దిగిపోవాలి" అంది. సరిగ్గా ఆ రోజుకి మేం కాశీలో ఉంటాం. అమ్మా నాన్నలను తీసుకెళ్లడానికి ఎప్పుడో రిజర్వేషన్ చేయించాం. కానీ నుదుటి మీద బొట్టు తడి ఆరకుండానే "రాలేను" అనడానికి నోరు రాలేదు. "చూస్తాం అక్కయ్యా" అనేశాను.

ఈ "చూస్తాం" ఎంత పని చేస్తుందో నాకు తెలుసు. మూడేళ్ల కిందట ఓ పెళ్లికి ఇలాగే అన్నాం. పిలిచినవాళ్ల చెవికి అది "వస్తాం" అనే వినబడింది. విడిదిలో గది అట్టేపెట్టారు. వంటవాళ్లకిచ్చిన లెక్కలో మమ్మల్నీ కలిపారు. మేం వెళ్లలేదు. రాకపోవడం కంటే, చెప్పకపోవడమే వాళ్ల మనసుకు గుచ్చుకుంది.

అందుకే మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాను. గడప తొక్కి పిలిచిన మనిషికి వాట్సాప్‌లో రెండు ముక్కలు పంపితే బాగుండదు కదా! కుశలప్రశ్నలతో నాన్చకుండా మొదటే చెప్పేశాను. "నిన్న చూస్తామన్నాను, తప్పు నాదే. మేం రాలేకపోతున్నాం అక్కయ్యా. ఆ రోజుకి కాశీలో ఉంటాం."

"ఓ వారం వెనక్కి జరుపుకోండి. కాశీ ఎక్కడికి పోతుంది?" అంది.

ఇక్కడే మనం తడబడతాం. పిల్లల పరీక్షలనీ, ఒంట్లో బాగోలేదనీ మరో రెండు కారణాలు చేరుస్తాం. ఎన్ని కారణాలు చెబితే అవతలివాళ్లకు అన్ని ఉపాయాలు దొరుకుతాయి. అందుకే నేను ఉన్న ఒక్క కారణాన్నే పట్టుకున్నాను. "తొమ్మిది రాత్రులు కాశీలో నిద్ర చేయాలని అమ్మ మొక్కు. టికెట్లు రద్దు చేసుకుంటే మళ్లీ వెయిటింగ్ లిస్టే. ఇప్పటికే రెండుసార్లు మన ఇళ్లలో శుభకార్యాల కోసం ఆపాం. నాన్న మోకాళ్లు ఇంకో ఏడాది ఆగేట్టు లేవు."

"పోనీ, మరిదినైనా పంపు."

"ఇద్దరు పెద్దవాళ్లను రైలెక్కించి దించడం నా ఒక్కదాని వల్ల కాదు అక్కయ్యా."

ఆ సాయంత్రం మావారి చేత కూడా వాళ్లన్నయ్యకు ఫోన్ చేయించాను. లేకపోతే "పుట్టింటివాళ్ల కోసం మొగుణ్ణి ఆపేసింది" అన్న మాట కోడలి నెత్తినే పడుతుంది. ఇది ఇద్దరం కలిసి తీసుకున్న నిర్ణయమని ఆయన నోటితోనే తెలియాలి.

బట్టలు ముందే పంపించేశాం. తిరిగొచ్చాక రెండో ఆదివారం కాశీ చెంబు పట్టుకుని వస్తామనీ, ఆ రాత్రి కొత్తింట్లోనే పడుకుంటామనీ చెప్పాను. "ఎప్పుడైనా వస్తాం" అని ఉంటే అదీ మరో "చూస్తాం" అయ్యేది.

అక్కయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత నిట్టూర్చి, "సరేలే, వంటవాళ్లకు మీ నలుగుర్నీ తీసేసి చెబుతాను" అంది.

అలక ఉంది ఆ గొంతులో. కానీ ఎదురుచూపు లేదు. అలకైతే రెండో ఆదివారం తీర్చుకోవచ్చు.