ఒక గది, రెండు తరగతులు

బోధను చెఱకు గ్రామములలో 3, 4 తరగతులొకే గదిలో నున్నచో, ఉపాధ్యాయుడు బోధింపని తరగతి పనినే మొదట వ్రాసికొనవలెనని మా యభిప్రాయము.

40 నిమిషముల గణితము తీసికొందము. 3వ తరగతికి 52లో 27 తీసివేయుట పాఠము. పదేసి చెఱకు పుల్లల కట్టలైదు, విడిపుల్లలు రెండు ఇచ్చి, ఒక కట్ట విప్పించి చూపుటకు 20 నిమిషములు పట్టును. ఆలోగా 4వ తరగతివారు బండికి 36 కట్టల చొప్పున 24 బండ్ల లెక్క కట్టుదురు. అది నిన్న నేర్చిన పద్ధతిదే కావలెను. క్రొత్తదైనచో నిమిషమున కొకడు లేచి వచ్చును. 864 వచ్చినవారు 24చే భాగించి సరిచూడవలెను. పని ముగిసినచో చూపులు పుల్లలపైకి పోవును, అది వారి దోషము కాదు.

పిమ్మట 4వ తరగతికి పాఠము. 3వ తరగతివారు 61లో 38 తీయుదురు. కట్ట విప్పక 8లో 1 తీసినవానికి 37 వచ్చును. మఱునాటి మొదటి పాఠము వానిదే.